గుమాస్తాకు జీతాల పత్రం ఎలా కనిపించింది: చాట్‌బాట్‌లో అనుమతుల తనిఖీ ఎక్కడ జరగాలి

ప్రశ్న: మాది గుంటూరులో మిర్చి ఎగుమతి సంస్థ, రెండు కోల్డ్ స్టోరేజీలు కూడా ఉన్నాయి. విండోస్ ఫైల్ సర్వర్‌లోని పత్రాలన్నీ ముక్కలు చేసి, పోస్ట్‌గ్రెస్‌లో పీజీవెక్టర్‌తో పెట్టి, సిబ్బంది అడిగితే జవాబు చెప్పే చాట్‌బాట్ తయారు చేశాము. మొన్న యార్డు గుమాస్తా ఒకాయన "ఈ ఏడు జీతాలు ఎంత పెంచుతున్నారు" అని అడిగితే మేనేజర్ల జీతాల సవరణ పత్రంలోని అంకెలు చెప్పేసింది. అనుమతి లేని పత్రాల సంగతి చెప్పవద్దని ప్రాంప్టులో ముందే రాసి ఉంచాము. ఇంకా గట్టిగా ఎలా రాయాలి?

జవాబు: ప్రాంప్టు ముట్టుకునే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఆ గుమాస్తా కంప్యూటరు ముందు, ఆయన లాగిన్‌తోనే, ఫైల్ సర్వర్‌లో ఆ జీతాల పత్రం ఉన్న ఫోల్డరుకు వెళ్ళి దాన్ని తెరిచి చూడండి. తెరుచుకుంటే, ఆ పత్రం మొదటినుంచీ ఆయనకు అందుబాటులోనే ఉందన్నమాట. ఎవరో ఒకనాడు తొందరలో అందరికీ తెరిచి ఉన్న ఫోల్డరులో దాన్ని పెట్టి ఉంటారు, అది ఎక్కడుందో తెలియక ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు, చాట్‌బాట్ వెతికి పైకి తీసింది. నేను చూసిన సంస్థల్లో మొదటి లీకు చాలాసార్లు ఇలాగే బయటపడింది. అప్పుడు ముందు సరిచేయవలసింది ఫైల్ సర్వర్‌లోని అనుమతులను. అక్కడ తప్పు ఉండగా చాట్‌బాట్‌లో ఎంత పకడ్బందీగా తనిఖీ పెట్టినా అది ఆ తప్పునే నమ్మకంగా అమలు చేస్తుంది. తెరుచుకోకపోతే మాత్రం లోపం మీ చాట్‌బాట్‌లోనే ఉంది. ఏదైనా సరే, కింద చెప్పిన పని మీరు చేయక తప్పదు.

ప్రాంప్టు విషయం సూటిగా చెప్పేస్తాను: దాన్ని ఎంత గట్టిగా రాసినా అది తాళం కాదు. మోడల్‌కు మీ ఆదేశమూ, జీతాల పత్రంలోని వాక్యాలూ, గుమాస్తా ప్రశ్నా అన్నీ ఒకే వరుసలో వచ్చిన అక్షరాలే. వాటిలో ఏది ఎవరికి చెప్పవచ్చో తేల్చే అధికార పట్టిక దాని దగ్గర లేదు, అది ఊహిస్తుంది. పదిసార్లు సరిగ్గా ఊహించి పదకొండోసారి, ప్రశ్న కాస్త తిప్పి అడిగినప్పుడు, చెప్పేస్తుంది. మీ కోల్డ్ స్టోరేజీలో పద్ధతి గుర్తు చేసుకోండి. రైతు బాండు చూపించి, అది రిజిస్టరుతో సరిపోయిన తరువాతే హమాలీ గదిలోకి వెళ్ళి ఆ లాటు బస్తాలు దించుతాడు. గదిలోని బస్తాలన్నీ గేటు దగ్గరకు తెచ్చి కుప్పపోసి, "ఎవరివి వాళ్ళకే ఇవ్వు" అని హమాలీకి చెప్పి ఊరుకోము. మీ చాట్‌బాట్ ప్రస్తుతం చేస్తున్నది ఆ రెండో పనే. చదివే హక్కు లేని మనిషి అడిగినప్పుడు ఆ పత్రంలోని ఒక్క వాక్యం కూడా మోడల్ దాకా చేరకూడదు; చేరిన తరువాత దాచమనడం ఆలస్యమైన జాగ్రత్త.

కాబట్టి తనిఖీ జరగవలసిన చోటు డేటాబేస్. వెతికే క్వెరీకి ఒక `WHERE` తగిలిస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. మొదట్లో నేనూ అలాగే చేసేవాణ్ణి. కానీ ఇలాంటి చాట్‌బాట్‌లో పత్రాల ముక్కలను చదివే క్వెరీ ఎప్పుడూ ఒక్కటే ఉండదు. ఎంబెడింగ్‌తో, అంటే వాక్యాల అర్థాన్ని అంకెల వరుసగా మార్చి దగ్గరివాటిని వెతికేది ఒకటి, లాటు నంబరో ఇన్వాయిస్ నంబరో అడిగినప్పుడు మాటను ఉన్నదున్నట్టు వెతికేది మరొకటి, దొరికిన ముక్కకు ముందూ వెనుకా ఉన్న ముక్కలు తెచ్చి సందర్భం పెంచేది ఇంకొకటి. ఆరు నెలల తరువాత కొత్తగా చేరిన డెవలపరు నాలుగోది రాస్తాడు, అందులో ఆ షరతు మరిచిపోతాడు. అందుకే షరతును క్వెరీలో కాక టేబుల్‌కే కట్టాలి. పోస్ట్‌గ్రెస్‌లో 9.5 వెర్షన్ నుంచీ ఉన్న రో లెవెల్ సెక్యూరిటీ సరిగ్గా ఇందుకే ఉపయోగపడుతుంది: ఎవరు ఏ క్వెరీ రాసినా, పాలసీ ఒప్పుకున్న వరుసలు తప్ప మిగిలినవి ఆ టేబుల్‌లో లేనట్టే ఉంటుంది.

ముందుగా `doc_acl` అని ఒక టేబుల్ పెట్టి, ఏ పత్రాన్ని ఏ గ్రూపు చదవవచ్చో అందులో రాయండి. ఒక పత్రానికి నాలుగు గ్రూపులు ఉంటే నాలుగు వరుసలు. గ్రూపు పేరు రాయవద్దు, లాగిన్లూ గ్రూపులూ నమోదై ఉండే డైరెక్టరీలో దానికి ఉండే మారని గుర్తింపు సంఖ్యను రాయండి. పేర్లు మారుతుంటాయి, కొన్నింటిలో కామాలు కూడా ఉంటాయి. ఆ తరువాత ముక్కల టేబుల్ `chunks`కు పాలసీ ఇలా ఉంటుంది, అందులోని `chatbot_app` చాట్‌బాట్ డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యే యూజరు:

```sql
ALTER TABLE chunks ENABLE ROW LEVEL SECURITY;
ALTER TABLE chunks FORCE ROW LEVEL SECURITY;

CREATE POLICY chunk_read ON chunks
FOR SELECT TO chatbot_app
USING (EXISTS (
  SELECT 1 FROM doc_acl a
  WHERE a.doc_id = chunks.doc_id
    AND a.principal = ANY (string_to_array(
        current_setting('app.principals', true), ','))
));
```

చాట్‌బాట్ సర్వర్ ప్రతి ప్రశ్నకూ ఒక ట్రాన్సాక్షన్ తెరిచి, లాగిన్ అయిన మనిషి ఏ గ్రూపుల్లో ఉన్నాడో ముందుగా చెప్పి, ఆ తరువాతే వెతకాలి:

```sql
BEGIN;
SELECT set_config('app.principals', $1, true);
SELECT doc_id, body FROM chunks
ORDER BY embedding <=> $2 LIMIT 8;
COMMIT;
```

ఇందులో నేను జనం పొరపాటు పడగా చూసిన చోట్లు మూడు ఉన్నాయి. మొదటిది, `set_config` చివర ఉన్న `true`. దాని అర్థం ఈ విలువ ఈ ట్రాన్సాక్షన్‌తోనే పోతుందని. అక్కడ `false` రాస్తే విలువ ఆ కనెక్షన్‌కు అతుక్కుని ఉండిపోతుంది. మీరు కనెక్షన్ పూల్ వాడుతుంటారు కనుక అదే కనెక్షన్ మరుక్షణం మరొకరికి వెళుతుంది. అకౌంట్స్ మేనేజరు ప్రశ్న అడిగిన కనెక్షనే తరువాత గుమాస్తాకు దొరికి, ఆయన క్వెరీ విలువను కొత్తగా పెట్టకుండా నడిస్తే, మేనేజరు గ్రూపులతో పత్రాలు వచ్చేస్తాయి. పరీక్షల్లో ఒక్కరే కూర్చుని చూస్తారు కనుక ఇది బయటపడదు, పదిమంది ఒకేసారి వాడేటప్పుడే బయటపడుతుంది. పైన రాసినట్టు ఉంటే, విలువ పెట్టడం మరిచిపోయినా `current_setting` నుంచి వచ్చేది ఖాళీయే, ఖాళీకి ఏ వరుసా సరిపోదు, అంటే ఏమీ రాదు. ఏమీ రాకపోతే ఎవరో ఫిర్యాదు చేస్తారు, మీరు సరిచేస్తారు. అన్నీ వచ్చేస్తే ఎవరూ ఫిర్యాదు చేయరు.

రెండోది, ఏ యూజరుగా డేటాబేస్‌కు కనెక్ట్ అవుతున్నారన్నది. సూపర్‌యూజరుకూ, `BYPASSRLS` ఉన్న రోల్‌కూ ఈ పాలసీలు అసలు వర్తించవు. టేబుల్ యజమానికి కూడా `FORCE` అన్న రెండో వరుస లేకపోతే వర్తించవు. చిన్న సంస్థల్లో అప్లికేషన్ తరచుగా `postgres` అన్న యూజరుతోనే కనెక్ట్ అవుతూ ఉంటుంది. అప్పుడు పాలసీ రాసి ఉంటుంది, తప్పులేమీ రావు, రక్షణ మాత్రం ఉండదు. దీన్ని తెలుసుకోవడానికి ఒక నిమిషం చాలు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక విడిభాగాల పంపిణీ సంస్థకు ఈ పని చేసినప్పుడు, వాళ్ళ సిస్టమ్స్ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ గ్రూపూ పెట్టకుండా, అప్లికేషన్ వాడే అదే యూజరుతో `SELECT count(*) FROM chunks;` కొట్టించాను. సున్నా రావలసిన చోట ఐదంకెల సంఖ్య వచ్చింది. పాలసీ రాసి అప్పటికి రెండు వారాలు అయింది. వేరే రోల్ సృష్టించి, దానికి ముక్కల మీదా `doc_acl` మీదా చదివే హక్కు మాత్రమే ఇచ్చి, పాస్‌వర్డు మార్చి మళ్ళీ కొట్టిస్తే సున్నా వచ్చింది. ఆ సున్నా చూసిన తరువాతే మిగతా పని మొదలుపెట్టాము. మీరూ అలాగే చేయండి.

మూడోది, గ్రూపుల జాబితా ఎక్కడినుంచి వస్తున్నదన్నది. బ్రౌజరు పంపిన డేటాలోంచి ఎన్నడూ తీసుకోకూడదు, సర్వర్ తాను ధ్రువీకరించిన లాగిన్ నుంచే తీసుకోవాలి. ఇది అందరికీ తెలిసిన సంగతే. తెలియకుండా దెబ్బ తీసేది మరొకటి ఉంది. మైక్రోసాఫ్ట్ ఎంట్రా లాగిన్ వాడేవారు టోకెన్‌లోనే గ్రూపులు వచ్చేలా పెట్టుకోవచ్చు. అయితే ఒక మనిషి 200కు మించిన గ్రూపుల్లో ఉంటే, జేడబ్ల్యూటీ టోకెన్‌లో గ్రూపులు అసలే రావు. జాబితాను గ్రాఫ్ ఏపీఐ దగ్గర విడిగా అడిగి తెచ్చుకోమని ఒక సూచన మాత్రం వస్తుంది. నేను పనిచేసిన ఒక చోట ప్రతి ప్రాజెక్టుకూ ఒక కొత్త గ్రూపు తెరిచే అలవాటు ఉండేది. పాత మేనేజరు ఒకాయన ఆ 200 దాటిపోయారు. అక్కడి కోడ్‌లో "గ్రూపులు ఉంటే వాటితో వడపోయి" అని రాసి ఉంది. గ్రూపులు లేవు, కనుక వడపోత లేదు. ఆయన రవాణా ఒప్పందాల గురించి అడిగితే డైరెక్టర్ల సమావేశపు మినిట్స్ నుంచి జవాబు వచ్చింది. ఆయన నిజాయితీగా వచ్చి చెప్పారు కనుక తెలిసింది. ఆ `if` రాసింది నా బృందమే, దాన్ని సమీక్షించి సరేనన్నది నేనే; ఆ రోజు నుంచీ ఖాళీ జాబితా అంటే ఏమీ చూపించవద్దు అన్న నియమాన్ని కోడ్‌లో కాక డేటాబేస్ పాలసీలో పెడుతున్నాను.

ఇంతవరకూ చేస్తే లీకు ఆగుతుంది. ఆగిన వెంటనే మరో ఫిర్యాదు వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. గుమాస్తా తనకు అనుమతి ఉన్న పత్రం గురించే అడుగుతాడు, చాట్‌బాట్ "ఆ సమాచారం లేదు" అంటుంది. పత్రం ఉంది, అనుమతీ ఉంది, అయినా దొరకదు. దీనికి కారణం తెలియక విసుగుపుట్టి, తనిఖీనే తీసేసిన వాళ్ళున్నారు. కారణం ఇది.

మీ దగ్గర 42,000 ముక్కలు ఉన్నాయనుకుందాం, వాటిలో యార్డు గుమాస్తా చదవదగినవి 420, అంటే నూటికి ఒకటి. మీరు దగ్గరి ముక్కలను త్వరగా, సుమారుగా వెతికిపెట్టే హెచ్ఎన్ఎస్‌డబ్ల్యూ ఇండెక్సు పెట్టి ఉంటే, అది అనుమతుల సంగతి ఎరుగదు. `hnsw.ef_search` విలువ మొదట్లో 40 ఉంటుంది కనుక, ప్రశ్నకు దగ్గరగా ఉన్న సుమారు 40 ముక్కలను మొత్తం 42,000లోంచి ఎంచి పైకి ఇస్తుంది, అనుమతి వడపోత ఆ 40 మీద జరుగుతుంది. ప్రశ్నకూ అనుమతికీ సంబంధం లేదనుకుంటే ఆ 40లో గుమాస్తాకు చెందినవి సగటున 0.4, అంటే చాలాసార్లు ఒక్కటి కూడా ఉండదు. నిజంలో ఆయన అడిగే ప్రశ్నలు ఆయన పత్రాలకు దగ్గరగానే ఉంటాయి కనుక ఇంత ఘోరంగా ఉండదు. కానీ "హమాలీ కూలి ఎంత" వంటి ప్రశ్న తీసుకోండి. యార్డు నోటీసులో ఆ మాట ఒక్కచోట ఉంటుంది, అకౌంట్స్ వోచర్లలో వందలచోట్ల ఉంటుంది. ఆ వోచర్లే 40 స్థానాలనూ ఆక్రమిస్తాయి, వడపోతలో అవన్నీ పోతాయి, నోటీసు వంతు అసలు రానే రాదు.

పీజీవెక్టర్ 0.8.0 వెర్షన్, అంటే 2024లో వచ్చినది, దీనికి ఒక మార్గం ఇచ్చింది. `SET LOCAL hnsw.iterative_scan = strict_order;` అని ట్రాన్సాక్షన్‌లో పెడితే, వడపోత తరువాత మీరు అడిగిన 8 ముక్కలూ పూర్తికాకపోతే ఇండెక్సు ఇంకా ముందుకు వెళ్ళి వెతుకుతుంది. అయితే దానికీ ఒక హద్దు ఉంది: `hnsw.max_scan_tuples` మొదట్లో 20,000, సుమారుగా అంత చూసిన తరువాత ఆగిపోతుంది. మీ 42,000లో అది సగం కూడా కాదు. కాబట్టి మీ విషయంలో నా సలహా వేరు: ఇండెక్సునే తీసేయండి. 1,024 కొలతల ఎంబెడింగ్ అయితే ఒక్కొక్కటి సుమారు 4 కిలోబైట్లు, 42,000 కలిపి 175 మెగాబైట్ల లోపే, అంతా మెమరీలో పడుతుంది. అప్పుడు పోస్ట్‌గ్రెస్ అనుమతి ఉన్న ముక్కలన్నిటితోనూ ప్రశ్నను పోల్చి, ఖచ్చితంగా దగ్గరి ఎనిమిదింటిని ఇస్తుంది. మోడల్ జవాబు రాయడానికి పట్టే సెకన్లతో పోలిస్తే ఈ వెతుకులాటకు పట్టే కాలం లెక్కలోకి రాదు. ఇండెక్సు తప్పనిసరి అని అందరూ రాయడం చూసి పెట్టుకున్నవాళ్ళే ఎక్కువ. ముక్కలు లక్షల్లోకి వెళ్ళేదాకా మీకు దాని అవసరం లేదు. ఒకవేళ ఉంచుకోదలిస్తే, మీ సిబ్బంది నిజంగా అడిగిన ప్రశ్నలు ఓ యాభై తీసుకుని, `SET LOCAL enable_indexscan = off;` పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి నడిపి, రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. గుమాస్తా లాగిన్‌తో చూడాలి, అడ్మిన్ లాగిన్‌తో కాదు. అడ్మిన్‌కు అన్నీ కనిపిస్తాయి కనుక అక్కడ ఈ తేడా ఎప్పటికీ కనబడదు.

ఇక కాలంతో వచ్చే చిక్కు. అనుమతులు నిలకడగా ఉండవు. గుంటూరు అకౌంట్స్‌లో ఉన్న ఒకామెను సోమవారం ఉదయం విజయవాడ బ్రాంచి కొనుగోళ్ళకు బదిలీ చేశారనుకోండి. పైన `doc_acl`లో మనం గ్రూపులనే రాశాము, మనుషుల పేర్లు రాయలేదు. అందువల్ల డైరెక్టరీలో ఆమెను అకౌంట్స్ గ్రూపు నుంచి తీసేసి, సర్వర్ ఆమె గ్రూపులను కొత్తగా తెచ్చుకున్న వెంటనే పాత పత్రాలు ఆమెకు అందవు, డేటాబేస్‌లో ఒక్క వరుస కూడా మార్చనక్కరలేదు. అలాకాక ప్రతి ముక్క మీదా చదవగల మనుషుల పేర్లు రాసి ఉంటే, ఈ ఒక్క బదిలీకి వేల ముక్కలు తిరగరాయాలి, రాసేవరకూ ఆమె చూస్తూనే ఉంటుంది. సర్వర్ గ్రూపులను ఎంతసేపు దాచుకుని వాడుతుందో మాత్రం చూసుకోండి. లాగిన్ అయినప్పుడు ఒకసారి తెచ్చుకుని రోజంతా వాడితే బదిలీ మరునాటికి గానీ అమల్లోకి రాదు. పదిహేను నిమిషాలు సబబైన హద్దు.

పత్రం అనుమతి మారడం దీనికంటే కష్టమైన సంగతి. ఎగుమతి ధరల పట్టికను మధ్యాహ్నం ఒక మేనేజరు తన ఫోల్డరులోకి మార్చి, మిగిలినవారికి మూసేశారనుకోండి. ఫైల్ సర్వర్‌లోని పత్రాలనూ అనుమతులనూ డేటాబేస్‌లోకి దించే మీ సింక్ రాత్రి రెండింటికి నడుస్తుందనుకోండి. ఆ పదీ పన్నెండు గంటలూ చాట్‌బాట్ పాత అనుమతితోనే పట్టికను చదివి వినిపిస్తుంది. దీనికి విరుగుడు, డేటాబేస్ ఇచ్చిన ఎనిమిది ముక్కలను మోడల్‌కు పంపే ముందు, అవి ఏ పత్రాలవో తీసుకుని, ఆ మనిషి ఇప్పుడు ఆ పత్రాన్ని చదవగలడా అని అసలు ఫైల్ సర్వర్‌నే అడగడం. ఎనిమిది ముక్కలంటే సాధారణంగా నాలుగైదు పత్రాలే, పెద్ద భారమేమీ కాదు. ఫైల్ సర్వర్ జవాబివ్వకపోతే ఆ పత్రాన్ని వదిలేయాలి, ఉండనివ్వకూడదు. ఈ రెండో తనిఖీ ఉంది కదా అని మొదటిదాన్ని తీసేయవద్దు: 42,000లోంచి ఎనిమిది తెచ్చి అప్పుడు అడిగితే, పైన చెప్పిన ఖాళీ చేతుల సమస్యే మళ్ళీ వస్తుంది. డేటాబేస్ పాలసీ వెడల్పైన జల్లెడ, ఫైల్ సర్వర్ తనిఖీ ఆ నిమిషపు నిజం.

విండోస్ ఫైల్ సర్వర్ నుంచి అనుమతులు దించేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒక ఫైలుకు షేరు స్థాయిలో ఒక అనుమతీ, ఎన్‌టీఎఫ్ఎస్ స్థాయిలో ఇంకొకటీ ఉంటాయి, నెట్‌వర్క్ మీదుగా తెరిచేవారికి ఆ రెంటిలో ఎక్కువ బిగువుగా ఉన్నదే వర్తిస్తుంది. సింక్ రాసేవారు తరచుగా ఎన్‌టీఎఫ్ఎస్ ఒక్కటే చదువుతారు. రెండోది, కొన్ని ఫోల్డర్ల మీద "ఫలానా గ్రూపుకు వద్దు" అన్న నిషేధాలు ఉంటాయి. పైన మనం రాసిన పాలసీకి అనుమతులే తెలుసు, నిషేధాలు తెలియవు. నిషేధం ఉన్న పత్రాలను సింక్ గుర్తించి, వాటిని చాట్‌బాట్‌లోకి తీసుకోకుండా పక్కన పెట్టడమే మేలు. అవి ఎన్నో ఉండవు, ఉన్నవాటిని ఒక్కొక్కటే చూసి తేల్చుకోవచ్చు. అసలు జీతాలు, క్రమశిక్షణ చర్యలు, ఆరోగ్య ధ్రువపత్రాల ఫోల్డర్లను చాట్‌బాట్‌లో పెట్టవలసిన అవసరం ఏముందో మీ యాజమాన్యాన్ని అడగండి. ఆ పత్రాలు కావలసిన ముగ్గురో నలుగురో వాటిని నేరుగా తెరుచుకోగలరు.

ముక్కల టేబుల్ పక్కాగా ఉన్నా, దాన్ని దాటి జవాబులు నిలవ ఉండే చోట్లు కొన్ని ఉంటాయి. జవాబుల క్యాష్ వాటిలో ప్రమాదకరమైనది. ఖర్చు తగ్గుతుందని, ఒకరు అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబును దాచి, అలాంటి ప్రశ్నే మరొకరు అడిగితే మళ్ళీ వెతకకుండా ఇచ్చేస్తారు. "తేజ రకం ఈ వారం ఎంతకు కొంటున్నాము" అని కొనుగోళ్ళ మేనేజరు అడిగితే గరిష్ఠ పరిమితి ధరతో సహా జవాబు వస్తుంది. పది నిమిషాల తరువాత గుమాస్తా అదే అడిగితే ఆ జవాబే వస్తుంది. అక్కడ డేటాబేస్‌ను ఎవరూ అడగనే లేదు, పాలసీ ఏం చేస్తుంది? క్యాష్ ఉంచుకోవాలంటే దాచిన జవాబును గుర్తించే కీలో ప్రశ్నతో పాటు గ్రూపుల జాబితా కూడా కలవాలి, అదే గ్రూపులున్న వారికే ఆ జవాబు వెళ్ళాలి. మీ సిబ్బంది సంఖ్యకు క్యాష్ లేకపోయినా నష్టం లేదు. పాత సంభాషణలూ అంతే: బదిలీ అయిన మనిషి పాత సంభాషణ తెరిచి "పైన చెప్పినదాన్ని పట్టికగా ఇవ్వు" అంటే, పాత ముక్కలు కొత్త ప్రాంప్టులోకి మళ్ళీ వస్తాయి. ప్రతి జవాబు పక్కనా అది ఏ పత్రాల నుంచి వచ్చిందో రాసి ఉంచి, సంభాషణ కొనసాగించే ముందు ఆ పత్రాలను తిరిగి తనిఖీ చేయాలి. లాగులు కూడా మరిచిపోవద్దు. ప్రాంప్టులన్నీ లాగులో రాసుకుంటే, మీ ఫైల్ సర్వర్‌లోని రహస్యాలన్నీ ఏ పాలసీ లేని ఒక టేబుల్‌లోకి నకలు తీసినట్టే.

చెప్పే మాటలో కూడా ఒక జాగ్రత్త అవసరం. అనుమతి లేనప్పుడు "మేనేజర్ల జీతాల సవరణ పత్రం చూడటానికి మీకు అనుమతి లేదు" అంటే, అలాంటి సవరణ జరుగుతోందన్న వార్త చేరిపోయినట్టే. పత్రం లేనప్పుడూ, అనుమతి లేనప్పుడూ జవాబు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి: "మీకు అందుబాటులో ఉన్న పత్రాలలో దీని గురించి దొరకలేదు." రో లెవెల్ సెక్యూరిటీతో ఇది దానంతటదే కుదురుతుంది, ఎందుకంటే చాట్‌బాట్‌కే ఆ తేడా తెలియదు.

చివరిగా, ఇది పనిచేస్తున్నదని ఎలా నమ్మాలి అన్నది. జవాబులు చదివి నమ్మవద్దు. మోడల్‌కు జీతాల పత్రం అందినా, ఆ పూట దాన్ని ప్రస్తావించకుండా చక్కటి జవాబు రాయవచ్చు, మీరు అంతా బాగుందనుకుంటారు. చూడవలసింది మోడల్‌కు వెళ్ళిన పత్రాల జాబితా. ప్రతి గ్రూపుకూ ఒక ఎర పత్రం తయారు చేయండి. అందులో మరెక్కడా రాని ఒక మాట ఉండాలి, ఉదాహరణకు "తంగేడు బావి 7719". అకౌంట్స్ ఎర పత్రాన్ని అకౌంట్స్ గ్రూపుకే తెరవండి. యార్డు, ల్యాబు, అకౌంట్స్, కొనుగోళ్ళు అని నాలుగు పరీక్ష లాగిన్లు పెట్టుకుని, ఒక్కొక్కదానితో "తంగేడు బావి 7719 అంటే ఏమిటి" అని అడిగే చిన్న స్క్రిప్టు రాయండి. వెళ్ళిన ముక్కల జాబితాలో ఆ పత్రం అకౌంట్స్ లాగిన్‌కు తప్పక రావాలి, మిగిలిన మూడింటికీ రాకూడదు. రావలసిన చోట వచ్చిందో లేదో కూడా చూడటం ముఖ్యం, ఎందుకంటే ఎవరికీ ఏమీ రాని చాట్‌బాట్ కూడా మిగతా మూడు పరీక్షల్లో నెగ్గుతుంది. తరువాత పరీక్ష లాగిన్‌ను అకౌంట్స్ గ్రూపు నుంచి తీసేసి, పదహారో నిమిషంలో మళ్ళీ అడగండి. ఆ తరువాత లాగిన్‌ను తిరిగి గ్రూపులో చేర్చి, పత్రం మళ్ళీ వస్తున్నదని చూసుకుని, ఎర పత్రాన్ని వేరే ఫోల్డరుకు మార్చి అకౌంట్స్‌కు మూసేసి, సింక్ నడవకముందే మళ్ళీ అడగండి; రెండుసార్లూ అది రాకూడదు. ఈ స్క్రిప్టును కోడ్ మారిన ప్రతిసారీ, ప్రతి రాత్రి సింక్ ముగిసిన తరువాతా నడపండి. ఏ ఒక్క లాగిన్‌కైనా రాకూడని పత్రం వస్తే, ఎవరి ఫోనుకోసమూ ఎదురుచూడకుండా చాట్‌బాట్‌ను ఆపేసేలా కట్టండి. తెల్లవారి యార్డులో వేలం మొదలయ్యేలోగా చూసుకుని మళ్ళీ తెరవవచ్చు.